రిటైరయ్యాక వచ్చే నోటీసు

విజయవాడలో సొంతంగా ప్రాక్టీసు చేసుకునే స్ట్రక్చరల్ కన్సల్టెంట్ ఒకరు ఉన్నారనుకుందాం. అపార్ట్‌మెంట్లకూ, ఫంక్షన్ హాళ్ళకూ పునాది నుంచి పై స్లాబు దాకా డిజైన్ చేసి, డ్రాయింగు మీద సంతకం పెట్టి ఇవ్వడం ఆయన పని. ముప్ఫై ఏళ్ళకు పైగా చేశారు. 2026 సెప్టెంబర్ 30తో ఆఫీసు మూసేద్దామని నిర్ణయించుకున్నారు. ఆయన ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ కూడా సరిగ్గా ఆ రోజు అర్ధరాత్రితోనే ముగుస్తుంది. ప్రాక్టీసే లేనప్పుడు రెన్యూవల్ ఎందుకు, ప్రీమియం మిగులుతుంది కదా అనుకున్నారు. అలా అనుకోవడం సహజమే గానీ, ఆయన చేతిలో ఉన్న పాలసీ ఎలా పనిచేస్తుందో చూస్తే ఆ మిగులు ఎంత ప్రమాదమో తెలుస్తుంది.

మన దేశంలో ఇంజనీర్లు, డాక్టర్లు, ఆడిటర్లు, ఆర్కిటెక్టులు తీసుకునే ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీలు దాదాపు అన్నీ క్లెయిమ్స్-మేడ్ పద్ధతిలోనే ఉంటాయి. కారు ఇన్సూరెన్సుకు అలవాటుపడ్డవాళ్ళకు ఇది కొంచెం వింతగా ఉంటుంది. కారు విషయంలో ప్రమాదం జరిగిన రోజున పాలసీ ఉందా లేదా అని చూస్తారు. క్లెయిమ్స్-మేడ్ పాలసీలో తప్పు ఎప్పుడు జరిగిందన్నది ఒక్కటే సరిపోదు. ‘నీ డిజైన్ వల్ల నాకు నష్టం వచ్చింది, కట్టు’ అని అవతలివాళ్ళు మొదటిసారి అడిగిన రోజున పాలసీ నడుస్తూ ఉండాలి. అడిగిన సంగతి పాలసీ గడువులోగా కంపెనీకి చెప్పి ఉండాలి. దానితోపాటు ఆ పని, పాలసీ షెడ్యూలులో రాసిన రెట్రోయాక్టివ్ డేట్ తర్వాత చేసినదై ఉండాలి. 2021లో గీసిన డ్రాయింగుకు 2028లో నోటీసు వస్తే, 2021లో కట్టిన ప్రీమియం ఎందుకూ పనికిరాదు. 2028లో పాలసీ ఉందా అన్నదే ప్రశ్న.

ఈ పద్ధతి ఇన్సూరెన్సు కంపెనీల అవసరం నుంచి పుట్టింది. పాత పద్ధతిలో పాలసీ ముగిసిన పదేళ్ళకు కూడా క్లెయిము వచ్చి పడేది. ఏ ఏడాది లెక్క ఎప్పటికి తేలుతుందో కంపెనీకే తెలిసేది కాదు. 1975లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో సెయింట్ పాల్ అనే కంపెనీ, డాక్టర్లకు ఇకమీద క్లెయిమ్స్-మేడ్ పాలసీ మాత్రమే ఇస్తానని ప్రకటించింది. డాక్టర్లూ, వాళ్ళ పేషెంట్లూ కలిసి కోర్టుకు వెళ్ళారు. మిగతా కంపెనీలు తమను దగ్గరకు రానివ్వకుండా కూడబలుక్కున్నాయన్నది వాళ్ళ ఆరోపణ. ఆ వ్యాజ్యం 1978లో అక్కడి సుప్రీంకోర్టు దాకా పోయింది. పద్ధతి మాత్రం పోలేదు, ప్రపంచమంతా పాకింది. దానితోపాటే రిటైరయ్యేవాళ్ళ సమస్యా పాకింది. పాలసీ ఆగిన రోజున, అప్పటిదాకా చేసిన పనులన్నిటి మీదా రక్షణ ఒక్కసారిగా ఆగిపోతుంది.

ఆ ఖాళీని పూడ్చడానికి ఉన్నదే ఎక్స్‌టెండెడ్ రిపోర్టింగ్ పీరియడ్. వాడుకలో టెయిల్ కవర్ అంటారు. పాలసీ ముగిసిన తర్వాత కొంతకాలం పాటు, పాత పనుల మీద వచ్చే క్లెయిముల్ని కంపెనీకి చెప్పుకునే అవకాశం అది. అంతవరకే. అది పాలసీని పొడిగించడం కాదు. ఆ కాలంలో చేసే కొత్త పనికి రక్షణ ఇవ్వదు. కొత్తగా లిమిట్ కూడా ఇవ్వదు.

మన ఇంజనీరు గారు ఆఖరి ప్రీమియం కట్టినప్పుడు బ్రోకర్‌ను ఈ సంగతి అడిగారట. “తొంభై రోజులు దానంతటదే ఉంటుంది కదండీ, సార్” అన్నారు ఆవిడ. నిజమే. మన దగ్గర అమ్మే చాలా ఇండెమ్నిటీ పాలసీల్లో అలాంటి క్లాజు ఒకటి ఉంటుంది. రెన్యూవల్ చేయకపోయినా, రద్దయినా, ముగిసిన రోజు నుంచి 90 రోజులకు మించకుండా గడువిస్తారు. ఆ 90 రోజుల్లో అదే రిస్కుకు వేరే పాలసీ ఏదీ ఉండకూడదు. అప్పుడు వచ్చిన క్లెయిమును పాలసీ ఆఖరి రోజున వచ్చినట్టే లెక్కేస్తారు. అంటే సెప్టెంబర్ 30న ముగిసే పాలసీకి డిసెంబర్ 29 వరకు. బిల్డింగుల విషయంలో ఈ మూడు నెలలు దేనికీ చాలవు. ఎందుకు చాలవో చెప్పేది ఇన్సూరెన్సు చట్టం కాదు, రెరా.

2016లో వచ్చిన రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఫ్లాటు స్వాధీనం చేసిన రోజు నుంచి ఐదేళ్ళ లోపు నిర్మాణంలో లోపం బయటపడి కొనుగోలుదారు చెప్తే, బిల్డరు 30 రోజుల్లో తన ఖర్చుతో బాగుచేయాలి. చేయకపోతే పరిహారం ఇవ్వాలి. గమనించాల్సింది గడియారం ఎక్కడ మొదలవుతుందన్నది. డ్రాయింగు మీద సంతకం పెట్టిన రోజున కాదు, తాళాలు ఇచ్చిన రోజున. మన ఇంజనీరు గారు గొల్లపూడి దగ్గర ఒక తొమ్మిదంతస్తుల అపార్ట్‌మెంటుకు 2021లో డిజైన్ ఇచ్చారు. మధ్యలో పనులు సాగి సాగి, ఫ్లాట్లు 2025 మార్చిలో అప్పగించారు. ఆ ఐదేళ్ళు 2030 మార్చికి గానీ పూర్తికావు. ఆఫీసు మూసిన తర్వాత ఇంకా మూడున్నరేళ్ళు.

అక్కడితో అయిపోతుందా అంటే అదీ కాదు. 2030 ఫిబ్రవరిలో బాల్కనీ బీములో పగులు కనిపించిందనుకోండి. ఫ్లాటువాళ్ళు బిల్డరును పట్టుకుంటారు. బిల్డరు ముందు తన డబ్బు పెట్టి బాగుచేయించి, తర్వాత ఆ ఖర్చు ఎవరి నెత్తిన వేయాలా అని చూస్తాడు. కాంట్రాక్టరు సిమెంటు తక్కువ వేశాడా, కన్సల్టెంటు ఊచలు తక్కువ చూపించాడా అన్న వాదన అప్పుడు మొదలవుతుంది. ఒప్పందం ఉల్లంఘించారని దావా వేయడానికి లిమిటేషన్ చట్టంలో మూడేళ్ళ గడువు ఉంది. ఆ మూడేళ్ళు డ్రాయింగు ఇచ్చిన నాటి నుంచా, నష్టం తగిలిన నాటి నుంచా అన్నది ఒప్పందం ఎలా రాసుకున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ‘నీ డిజైన్ వల్ల నాకు ఏ నష్టం వచ్చినా నువ్వే భర్తీ చేయాలి’ అని ఇండెమ్నిటీ క్లాజు ఉంటే, బిల్డరుకు నిజంగా డబ్బు పోయిన నాటి నుంచే లెక్క మొదలవుతుంది. పెద్ద బిల్డర్ల కాంట్రాక్టుల్లో ఈ క్లాజు మామూలే. కాలం చెల్లిన దావా అయినా వకీలును పెట్టుకుని చెల్లిందని చెప్పించుకోవాలిగా. ఆ ఖర్చు మాత్రం తప్పదు.

కాబట్టి టెయిల్ ఎంతకాలం అడగాలన్నది నోటికొచ్చిన అంకె కాకూడదు. చివరగా అప్పగించిన బిల్డింగు ఏదో చూసుకుని, దాని స్వాధీనం తేదీ నుంచి ఐదేళ్ళు లెక్కపెట్టి, బిల్డరు తిరిగి వసూలుకు దిగడానికి పట్టే కాలం కూడా కలుపుకోవాలి. మన ఇంజనీరు గారి విషయంలో కంపెనీ మొదట చెప్పగలిగేది బహుశా 36 నెలలు. 2029 సెప్టెంబర్ 30తో అది ముగుస్తుంది. రెరా గడువుకే ఆరు నెలలు తక్కువ. 60 నెలలైతే 2031 సెప్టెంబర్, 72 నెలలైతే 2032 సెప్టెంబర్. ఆయన మూడింటికీ ధర అడగాలి, తర్వాత ఎంచుకోవచ్చు.

ఆ అడగడం ఎప్పుడు, ఎలా? కొన్ని పాలసీల షెడ్యూలులో టెయిల్ ధర ముందే రాసి ఉంటుంది. పన్నెండు నెలలకు వార్షిక ప్రీమియంలో ఇంత శాతం, ఇరవైనాలుగు నెలలకు ఇంత శాతం అని. అమెరికాలో సాధారణ లయబిలిటీకి వాడే ప్రామాణిక క్లెయిమ్స్-మేడ్ ఫారంలోనైతే, అదనపు టెయిల్ ధర వార్షిక ప్రీమియానికి రెట్టింపు మించకూడదనీ, పాలసీ ముగిసిన 60 రోజుల్లో రాతపూర్వకంగా అడగాలనీ ఉంటుంది. మన దగ్గర షెడ్యూలులో అలాంటి లైను లేకపోతే, ఇవ్వడమూ మానడమూ కంపెనీ ఇష్టం. స్థానిక శాఖ తనంతట తాను తేల్చకపోవచ్చు. ఫైలు పై ఆఫీసుకు వెళ్ళాలి, కొన్నిసార్లు రీఇన్సూరెన్సు కంపెనీనీ అడగాలి. అందుకే సెప్టెంబర్ ఆఖరివారంలో మొదలుపెడితే కుదరదు. జూన్ నెలాఖరుకో, జులై మొదటివారానికో ఈమెయిల్ వెళ్ళాలి. బ్రోకర్‌కు పంపి, కంపెనీ శాఖకు కాపీ పెట్టాలి. ఫోనులో మాట్లాడుకున్నది ఎవరికీ గుర్తుండదు.

నిజానికి ఆ మెయిలు ఇంగ్లీషులోనే వెళ్తుంది. దాని సారం తెలుగులో ఇలా ఉంటుంది:

“విషయం: ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ, గడువు ముగింపు 30-09-2026. ఎక్స్‌టెండెడ్ రిపోర్టింగ్ పీరియడ్ కోసం అభ్యర్థన.

మేడమ్ గారికి నమస్కారం.

పై పాలసీ 30-09-2026 అర్ధరాత్రితో ముగుస్తుంది. ఆ రోజుతో నేను స్ట్రక్చరల్ కన్సల్టెన్సీ ప్రాక్టీసు పూర్తిగా మానేస్తున్నాను. పాలసీని రెన్యూవల్ చేయమని గానీ, గడువుకు ముందే రద్దు చేయమని గానీ నేను కోరడం లేదు. ఇదే రిస్కుకు మరో కంపెనీలో పాలసీ తీసుకోవడం లేదు.

పాలసీలో ఇప్పటికే ఉన్న 90 రోజుల గడువు కాకుండా, 01-10-2026 నుంచి మొదలయ్యేలా 36, 60, 72 నెలల ఎక్స్‌టెండెడ్ రిపోర్టింగ్ పీరియడ్‌కు విడివిడిగా ధర తెలియజేయగలరు. ప్రస్తుత షెడ్యూలులోని రెట్రోయాక్టివ్ డేట్ 01-10-2017 మారకుండా అలాగే కొనసాగాలి. ఈ కాలానికి వర్తించే లిమిట్ ప్రస్తుత పాలసీలో మిగిలినదేనా, లేక విడిగా లిమిట్ ఇవ్వగలరా, ఇస్తే దాని ధర ఎంత అన్నది కూడా చెప్పండి. నేను మరణిస్తే నా వారసులకూ, నా ఆస్తి మీదికి వచ్చే క్లెయిములకూ ఇదే రక్షణ ఉంటుందని ఎండార్స్‌మెంటులో రాయవలసిందిగా కోరుతున్నాను.

దీనికి ప్రపోజల్ ఫారం గానీ, డిక్లరేషన్ గానీ కావాలంటే ఇప్పుడే పంపండి. ధరా, ఎండార్స్‌మెంటు ముసాయిదా ఆగస్టు 14 లోపు అందితే, ప్రీమియం పాలసీ ముగిసేలోగా చెల్లిస్తాను. ఎంపిక చేసుకోవడానికీ, డబ్బు కట్టడానికీ మీ వైపు ఆఖరి తేదీలు ఏవో దయచేసి రాతపూర్వకంగా తెలపండి.

నాకు తెలిసిన ఒక సంఘటన గురించి వేరే మెయిలులో విడిగా తెలియజేస్తున్నాను.”

ఇందులో కొన్ని వాక్యాలు మర్యాద కోసం రాసినట్టు కనిపించినా, ఒక్కొక్కటీ ఒక్కో గొయ్యి మీద వేసిన పలక. ‘రద్దు చేయమని కోరడం లేదు’ అన్నది చూడండి. చాలామంది ఆగస్టులోనే పని ఆపేసి, మిగిలిన నెలల ప్రీమియం వెనక్కి ఇవ్వమని పాలసీ రద్దు చేయించుకుంటారు. నాలుగు డబ్బులు తిరిగొస్తాయి గానీ, ఆ రోజు నుంచే రిపోర్టింగ్ గడువు లెక్క మొదలవుతుంది. పాలసీని చివరి దాకా నడవనివ్వడం కంటే చవకైన టెయిల్ లేదు.

రెట్రోయాక్టివ్ డేట్ గురించి విడిగా రాయడానికీ కారణం ఉంది. మన ఇంజనీరు గారు మొదటిసారి పాలసీ తీసుకున్నది 2017 అక్టోబర్‌లో. మధ్యలో కంపెనీ మారినా, ఆ తేదీని కొత్త కంపెనీ షెడ్యూలులోకి ఎక్కించుకున్నారు. మంచిపని చేశారు. కంపెనీ మారినప్పుడు ఆ గడిలో కొత్త పాలసీ తేదీయే పడిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. అప్పుడు పదేళ్ళ టెయిల్ కొన్నా పాత పనులకు పైసా రాదు. ఆయన 2016లో డిజైన్ చేసిన బిల్డింగులకు ఇప్పుడూ రక్షణ లేదు, టెయిల్ కొన్నా ఉండదు. టెయిల్ కాలాన్ని ముందుకు పొడిగిస్తుందే గానీ వెనక్కి కాదు.

లిమిట్ ప్రశ్న ఇంకా ముఖ్యం, ఎక్కువమంది అడగనిదీ అదే. ఆయన పాలసీ లిమిట్ ఏడాదికి రెండు కోట్లనుకుందాం. టెయిల్‌లో వచ్చే క్లెయిములన్నీ పాలసీ ఆఖరి రోజున వచ్చినట్టే లెక్క కాబట్టి, ఆరేళ్ళలో ఎన్ని క్లెయిములు వచ్చినా ఆ ఒక్క ఆఖరి ఏడాది లిమిట్‌లోంచే చెల్లిస్తారు. ఆ ఏడాదే ఒక క్లెయిముకు 70 లక్షలు పోయి ఉంటే, ఆరేళ్ళకూ మిగిలింది కోటీ ముప్ఫై లక్షలే. చాలా పాలసీల్లో వకీలు ఖర్చులు కూడా ఆ లిమిట్‌లోంచే తరుగుతాయి. అందుకే విడి లిమిట్ అడగాలి. కంపెనీ ఒప్పుకోకపోవచ్చు, ఒప్పుకుంటే ధర పెరుగుతుంది. అడగనివాళ్ళకు మాత్రం రాదు.

వారసుల వాక్యం చదివితే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. కానీ ఒప్పందం మీద నష్టపరిహారం అడిగే దావా మనిషి పోవడంతో పోదు. ఆయన వదిలివెళ్ళిన ఆస్తి మేరకు వారసులు జవాబు చెప్పాలి. భార్య పేరు మీదికి వచ్చిన ఇల్లు, బ్యాంకులో డిపాజిట్లు ఆ లెక్కలోకి వస్తాయి. రిటైరయ్యేవారి వయసును బట్టి చూస్తే, ఇది అరుదైన సందర్భం కూడా కాదు.

ఇక ఆ చివరి వాక్యంలోని వేరే మెయిలు. నా దృష్టిలో టెయిల్ కంటే ముందు తేల్చుకోవాల్సింది అదే, పైగా దానికి రూపాయి ఖర్చు లేదు. 2023లో తాడేపల్లిగూడెంలో డిజైన్ చేసిన ఒక ఫంక్షన్ హాలు యజమాని, ఈ జూన్‌లో ఒక ఉత్తరం రాశారు: ‘భోజనాల హాలు స్లాబు మధ్యలో కిందికి వంగినట్టు కనిపిస్తోంది, ఒకసారి వచ్చి చూడండి.’ డబ్బు అడగలేదు, వకీలు నోటీసూ కాదు. కాబట్టి ఇది ఇంకా క్లెయిము కాదు. కానీ రేపు క్లెయిము కాగల సంఘటన. చాలా ఇండెమ్నిటీ పాలసీల్లో దీనికోసం ఒక క్లాజు ఉంటుంది. క్లెయిముకు దారితీసే అవకాశం ఉన్న నిర్దిష్టమైన సంఘటనను పాలసీ గడువులోనే తెలియజేసి, కంపెనీ దాన్ని స్వీకరిస్తే, తర్వాత ఎప్పుడు క్లెయిము వచ్చినా ఆ పాలసీలోనే వచ్చినట్టు చూస్తారు. అంటే ఆ స్లాబు విషయంలో ఇంజనీరు గారికి టెయిల్‌తో పనే లేదు.

ఇక్కడ ‘నిర్దిష్టమైన’ అన్న మాటే కీలకం. రిటైరయ్యేముందు తన ప్రాజెక్టులన్నిటి జాబితా పంపి, వీటిలో దేనిలోనైనా సమస్య రావచ్చు అంటే కంపెనీ ఒప్పుకోదు. ఏ బిల్డింగు, ఏ స్లాబు, ఎవరు ఎప్పుడు ఏమని రాశారు, తాను ఏ డ్రాయింగు ఏ తేదీన ఇచ్చారు, ఎవరు నష్టం అడిగే అవకాశం ఉంది అన్నవి రాసి, వచ్చిన ఉత్తరం కాపీ జతచేయాలి. అందులో ‘బహుశా నా లెక్కలో తప్పు జరిగి ఉండొచ్చు’ లాంటి వాక్యం రాయకూడదు. హాలు యజమానికి రాసే జవాబులో అయితే అసలే రాయకూడదు. కంపెనీ అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకుంటే ఆ క్లెయిమే చెల్లదని పాలసీ షరతు ఉంటుంది. చూడ్డానికి వెళ్ళొచ్చు, కొలతలు తీసుకోవచ్చు, తప్పెవరిదో తేల్చి చెప్పకూడదు.

ఈ రెండు మెయిళ్ళనూ ఒకదాంట్లో కలపకపోవడమూ మంచిదే. టెయిల్ అభ్యర్థనను చూసేది పాలసీలు రాసే విభాగం, సంఘటన నోటీసును చూసేది క్లెయిముల విభాగం. కలిపి పంపితే ఒకరు రెండోవారు చూసుకుంటారులే అనుకుంటారు. పైగా టెయిల్ ఇచ్చేముందు కంపెనీ ‘నాకు తెలిసిన క్లెయిములు గానీ, అందుకు దారితీసే విషయాలు గానీ లేవు’ అని డిక్లరేషన్ అడగొచ్చు. స్లాబు సంగతి ముందే చెప్పి ఉంటే, అది తప్ప మరేమీ లేవని నిజాయితీగా సంతకం పెట్టొచ్చు. దాచి సంతకం పెడితే టెయిలూ పోతుంది, స్లాబు క్లెయిమూ పోతుంది.

మెయిలు పంపేశాం, పని అయిపోయిందనుకోవడం ఇంకో పొరపాటు. మన ఇన్సూరెన్సు చట్టం 64వీబీ సెక్షన్ ప్రకారం, ప్రీమియం ముందుగా అందితే తప్ప కంపెనీ రిస్కు తీసుకోకూడదు. కంపెనీ నుంచి ‘మీ అభ్యర్థన అందింది’ అన్న జవాబుకు గానీ, బ్రోకర్ ‘అయిపోతుంది సార్’ అన్న వాట్సాప్ సందేశానికి గానీ విలువ లేదు. ధర రావాలి, ఎంపిక చేసుకుని రాతలో ఒప్పుకోవాలి, డబ్బు గడువులోగా చేరాలి, ఎండార్స్‌మెంటు చేతికి రావాలి. ఉదాహరణకు ఆయన వార్షిక ప్రీమియం 80 వేలనీ, 72 నెలల టెయిల్‌కు దానికి రెట్టింపు అడిగారనీ అనుకుందాం. లక్షా అరవై వేలు, పన్ను అదనం. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే. నిజమైన ధర లిమిట్ మీద, పాత క్లెయిముల మీద ఆధారపడి చాలా మారుతుంది.

ఎండార్స్‌మెంటు వచ్చాక నాలుగు చోట్ల వేలు పెట్టి చదవాలి. మొదలయ్యే తేదీ పాలసీ ముగిసిన మర్నాడే అయి ఉండాలి, కాగితం ముద్రించిన తేదీ కాదు. ముగిసే తేదీ అంకెల్లో ఉండాలి. రెట్రోయాక్టివ్ డేట్ 2017దే ఉండాలి. ఇక నాలుగోది, ‘ఈ టెయిల్ కాలంలో వేరే ఏ పాలసీ ఉన్నా ఇది రద్దు’ అన్న లైను. అది ఉంటే దాని అర్థం బుర్రకెక్కించుకోవాలి.

ఎందుకంటే అసలు చిక్కు రిటైరయ్యాకే వస్తుంది. నవంబర్‌లో పాత క్లయింటు ఒకాయన ఫోన్ చేస్తారు. “అన్నా, ఒక్క స్టెబిలిటీ సర్టిఫికెట్ కావాలి, మీరైతే కళ్ళుమూసుకుని ఇచ్చేయొచ్చు, బిల్డింగు మీదే కదా” అంటారు. మొహమాటానికి సంతకం పెట్టేస్తారు. ఆ సంతకం 2026 అక్టోబర్ తర్వాతది. టెయిల్ దాన్ని ముట్టుకోదు. సర్టిఫికెట్ మీద గొడవ వస్తే సొంత డబ్బే. పోనీ ఆ చిన్నపని కోసం ఒక చిన్న పాలసీ తీసుకుందామంటే, అదే రిస్కుకు వేరే పాలసీ ఉందని పాత టెయిలే ఎగిరిపోయే ప్రమాదం. రిటైరయ్యాక కూడా అడపాదడపా సంతకాలు పెడతానని మనసులో ఉన్నవాళ్ళకు టెయిల్ సరైన మందు కాదు. వాళ్ళు తగ్గిన ఫీజుల ఆదాయం చూపించి, పాలసీనే ఏటా రెన్యూవల్ చేసుకుంటూ పోవాలి.

పూర్తిగా మానేసేవాళ్ళు కూడా ఏటా రెన్యూవల్ చేసుకోవచ్చు కదా అని అడగొచ్చు. చేసుకోవచ్చు. అందులో ఒక లాభం ఉంది, ప్రతి ఏడాదీ కొత్త లిమిట్ వస్తుంది. నష్టమేమిటంటే, మూడో ఏడు కంపెనీ ఇక ఇవ్వననో, ధర మూడింతలనో అంటే చేయగలిగేదేమీ ఉండదు. ప్రాక్టీసు లేని మనిషికి కొత్త కంపెనీ దొరకడం కష్టం. డెబ్బై ఏళ్ళ వయసులో ప్రతి సెప్టెంబరుకూ ప్రపోజల్ ఫారం నింపి పంపడం మరచిపోతే అంతా ఒక్క రోజులో పోతుంది. ఒక్కసారి డబ్బు కట్టి ఆరేళ్ళు తేల్చేసుకోవడమే మన ఇంజనీరు గారి లాంటివారికి మేలని నా అభిప్రాయం. లిమిట్ ఇప్పటికే చాలావరకు ఖర్చయిపోయి ఉండి, విడి లిమిట్ ఇవ్వమని కంపెనీ తేల్చేస్తే మాత్రం రెన్యూవల్ వైపే మొగ్గాలి. ముగ్గురు నలుగురు భాగస్వాములున్న సంస్థలో ఒకరే రిటైరవుతుంటే లెక్క వేరు. సంస్థ పాలసీ నడుస్తున్నంతకాలం మాజీ భాగస్వామి పాత పనులు మామూలుగా అందులోనే ఉంటాయి. ఆయన చేయాల్సింది, బీమా చేసినవారు అన్న నిర్వచనంలో మాజీ భాగస్వాములు ఉన్నారో లేదో చూసుకుని, ఇన్నేళ్ళు పాలసీ నడుపుతామని సంస్థ నుంచి రాతలో తీసుకోవడం.

చివరి పని ఆఫీసు మూసే రోజున. బిల్డరు వకీలు పంపే నోటీసు, కాంట్రాక్టులో ఉన్న పాత ఆఫీసు చిరునామాకే వస్తుంది. అక్కడ అప్పటికి ఏ మొబైల్ షాపో ఉంటుంది. ఆఫీసు పేరుతో ఉన్న ఈమెయిలు ఖాతాకు డబ్బు కట్టడం మానేస్తే అదీ మూసుకుపోతుంది. టెయిల్‌లో కూడా క్లెయిమును గడువులోపల కంపెనీకి చెప్పాల్సిందే, ఆలస్యాన్ని ఎవరూ క్షమించరు. కాబట్టి క్లయింట్లందరికీ కొత్త చిరునామా రాతపూర్వకంగా పంపాలి. పోస్టాఫీసులో ఉత్తరాల మళ్ళింపు అడగాలి. ఆ ఈమెయిలు ఖాతాను 2032 దాకా బతికించాలి. డ్రాయింగులు, లెక్కల ఫైళ్ళు, సైటు ఉత్తరాలతోపాటు ఎండార్స్‌మెంటు కాపీ, బ్రోకర్ నంబరు, కంపెనీ క్లెయిముల విభాగం చిరునామా ఒకచోట పెట్టి, ఎక్కడున్నాయో భార్యకో కొడుక్కో చెప్పాలి. నోటీసు వచ్చిన రోజున ఆయన ఊళ్ళో లేకపోయినా ఆ మెయిలు పంపగలిగేవాళ్ళు ఇంట్లో ఒకరుండాలి.